లింకు నొక్కితే వెంట వెళ్లే చిరునామా: ‘రెఫరర్’ సమాచారాన్ని పరిమితం చేయడం ఎలా?

పరిచయం లేని ఇంటికి వెళ్లి తలుపు తడితే లోపలివారు ముందుగా అడిగేది “మిమ్మల్ని ఎవరు పంపారు?” అని. ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో అప్పుడు మన చేతుల్లోనే ఉంటుంది. వెబ్‌లో అలా కాదు. ఒక పేజీలోని లింకును నొక్కి మరో వెబ్‌సైట్‌కు వెళ్లినప్పుడు, అక్కడివారు అడగకముందే మన బ్రౌజర్ ఆ సమాధానం ఇచ్చేస్తుంది. మనం ఏ పేజీ నుంచి వస్తున్నామో రాసిన చీటీ ఒకటి, మన కోరికతో పాటు కొత్త సైట్ సర్వర్‌కు చేరుతుంది. ఈ చీటీనే రెఫరర్ సమాచారం అంటారు.

చాలాసార్లు ఇందులో దాచుకోవలసిందేమీ ఉండదు. అయితే కొన్ని పేజీల చిరునామాలోనే మన వయసు, ఆదాయం, ఆరోగ్య వివరాలు ఉంటాయి. అలాంటి చిరునామా ఉన్నదున్నట్టు బయటకు వెళితే ఏమవుతుందో, ఇప్పటి బ్రౌజర్లు దాన్ని ఎంతవరకు ఆపుతున్నాయో, మిగిలినదాన్ని మనం ఎలా ఆపుకోవచ్చో ఈ పాఠంలో చూద్దాం.

చీటీలో ఏముంటుంది?

బ్రౌజర్ ఒక పేజీని కోరినప్పుడు సర్వర్‌కు కొన్ని వరుసల సందేశం పంపుతుంది. ఏ పేజీ కావాలి, ఏ సైట్ నుంచి కావాలి వంటి వివరాలు అందులో ఉంటాయి. ఈ వరుసలను హెడర్లు అంటారు. వాటిలో ఒకదాని పేరు `Referer`. ఆంగ్లంలో ఆ మాటకు సరైన అక్షరక్రమంలో ఇంకో r ఉండాలి. వెబ్ తొలినాళ్లలో ప్రతిపాదన రాసేటప్పుడు దొర్లిన ఆ తప్పు, 1996 మే నెలలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనూ అలాగే ఉండిపోయింది. అప్పటికే ఎన్నో ప్రోగ్రాములు ఆ పేరుతోనే పనిచేస్తుండడంతో ఎవరూ దిద్దలేదు. తర్వాత వచ్చిన నియమాలలో మాత్రం సరైన అక్షరక్రమం వాడారు. అందుకే ఈ అంశంలో రెండు రకాల రాతా కనిపిస్తుంది.

ఈ హెడర్‌ను పెట్టింది నిఘా కోసం కాదు. ఎక్కడో ఉన్న పాత లింకు పనిచేయకపోతే, అది ఏ పేజీలో ఉందో తెలుసుకుని సరిచేయించడం దాని ఉద్దేశాలలో ఒకటి. తమ పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారో సైట్లు తెలుసుకోవడానికీ అది పనికొస్తుంది. అయితే ఇందులోని ప్రమాదాన్ని కూడా అదే 1996 పత్రం గుర్తించింది. లింకు ఉన్న పేజీ వ్యక్తిగతమైనది కావచ్చు కాబట్టి, ఈ వివరం పంపాలో వద్దో వాడుకరి ఎంచుకోగలిగేలా ఉండాలని అది గట్టిగా సూచించింది. ఆచరణలో బ్రౌజర్లు ఆ ఎంపికను మామూలు వాడుకరికి కనిపించే చోట పెట్టలేదు.

2015లో బయటపడిన ఒక ఉదంతం

అమెరికాలో ప్రజలు ఆరోగ్య బీమా పథకాలను పోల్చి చూసుకునేందుకు అక్కడి ప్రభుత్వం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌ను నడుపుతోంది. వయసు, ఆదాయం, పోస్టల్ కోడ్, పొగ తాగే అలవాటు, గర్భవతి అవునా కాదా వంటి వివరాలు ఇస్తే, తగిన పథకాల జాబితా వస్తుంది. 2015 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఈ సైట్‌ను పరిశీలించాయి. ఆ వివరాలు ప్రకటనల, విశ్లేషణల సంస్థలకు చేరుతున్నాయని తేలింది. కనీసం 14 బయటి డొమైన్లకు ఇలా సమాచారం వెళుతోందని ఫౌండేషన్ లెక్కగట్టింది.

అది వెళ్లిన దారి చాలా సాధారణమైనది. వాడుకరి ఇచ్చిన జవాబులను సైట్ తన ఫలితాల పేజీ చిరునామాలోనే పెట్టింది. పేరు మార్చి, కొంత కుదించి రాస్తే అలాంటి చిరునామా ఇలా ఉంటుంది:

```
https://bima.example/plans?age=40&smoker=1&pregnant=1&income=35000
```

ప్రశ్నార్థకం గుర్తు తర్వాత ఉన్నదంతా వాడుకరి ఇచ్చిన జవాబులే. వయసు 40, పొగ అలవాటు ఉంది, గర్భవతి, ఏడాది ఆదాయం 35,000 డాలర్లు. ఈ పేజీలో బయటి సంస్థల స్క్రిప్టులు, కంటికి కనిపించని చిన్న బొమ్మలు ఉన్నాయి. వాటిని తెచ్చేందుకు బ్రౌజర్ ఆయా సంస్థల సర్వర్లను కోరినప్పుడు, పై చిరునామా మొత్తం రెఫరర్‌గా వెళ్లింది. అంటే ఇక్కడ లింకు నొక్కే పని కూడా లేకుండానే, పేజీ తెరిస్తే చాలు, చీటీ వెళ్లిపోయింది. విషయం వార్తల్లోకి ఎక్కిన కొద్ది రోజులకే ఆ సైట్ ఈ పంపకాన్ని తగ్గించింది.

లింకు నొక్కినప్పుడు జరిగేదీ ఇదే. పై పేజీలో మధుమేహం గురించిన ఒక వార్తా వ్యాసానికి లింకు ఉందనుకుందాం. ఆనాటి బ్రౌజర్‌లో దాన్ని నొక్కితే వార్తల సైట్‌కు అందే సందేశంలో ముఖ్యమైన వరుసలు ఇవి:

```
GET /diabetes HTTP/1.1
Host: news.example
Referer: https://bima.example/plans?age=40&smoker=1&pregnant=1&income=35000
```

వార్తల సైట్ ఏ తప్పూ చేయలేదు, ఏమీ అడగలేదు కూడా. అయినా ఈ వివరాలు దాని సర్వర్ చిట్టాలోకి ఎక్కాయి. అక్కడే ఆ సందర్శకుడి ఐపీ చిరునామా, వచ్చిన సమయం కూడా నమోదవుతాయి. ఈ మూడూ ఒకే వరుసలో ఉంటే, పేరు లేని వివరాలను ఒక మనిషికి ముడిపెట్టడం అంత కష్టం కాదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. చిరునామా `https` తో మొదలైతే మార్గమధ్యంలో ఎవరూ చదవలేరన్నది నిజమే. అయితే అవతలి సైట్ మార్గమధ్యంలోని వ్యక్తి కాదు, ఉత్తరం అందుకునే వ్యక్తి. కవరుకు ఎంత గట్టి సీలు వేసినా, లోపలి చీటీని చదివేది ఆ సైటే.

బ్రౌజర్లు ఇప్పుడు ఏం చేస్తున్నాయి?

ఈ లోపం ఇప్పుడు చాలావరకు తగ్గింది. 2020 ఆగస్టులో క్రోమ్ 85వ సంచికతోను, 2021 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 87వ సంచికతోను, సైట్ ప్రత్యేకంగా ఏమీ చెప్పనప్పుడు పాటించే నియమాన్ని మార్చారు. కొత్త నియమం పేరు `strict-origin-when-cross-origin`. పేరు పొడవైనదే గాని అందులోని సంగతి మూడు మాటల్లో చెప్పవచ్చు.

ఒకే సైట్‌లో ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళితే పూర్తి చిరునామా వెళుతుంది. వేరే సైట్‌కు వెళితే, సైట్ పేరు వరకే వెళుతుంది. `https` పేజీ నుంచి రక్షణ లేని `http` పేజీకి వెళితే అసలేమీ వెళ్లదు. కాబట్టి పై ఉదాహరణలోని లింకును ఈ రోజు నొక్కితే వార్తల సైట్‌కు అందేది ఇంతే:

```
Referer: https://bima.example/
```

వయసు, ఆదాయం, మిగతా జవాబులు పోయాయి. బీమా సైట్ నుంచి ఎవరో వచ్చారన్న సంగతి మాత్రం మిగిలింది.

ఈ మార్పుతో సమస్య తీరిపోయిందనుకోవడానికి వీల్లేదు. అందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, కొన్నిసార్లు సైట్ పేరే రహస్యం. బీమా సైట్ నుంచి వచ్చారని తెలిస్తే నష్టం లేకపోవచ్చు. గృహహింస బాధితులకు సహాయం చేసే సైట్ నుంచో, ఒక ఫలానా వ్యాధిగ్రస్తుల సైట్ నుంచో వచ్చారని తెలిస్తే, పేరొక్కటే చాలా చెప్పేస్తుంది. ఒక కంపెనీ ఉద్యోగి లోపలి సైట్‌లోని లింకును నొక్కినప్పుడు, ఇంకా ప్రకటించని ప్రాజెక్టు పేరు ఆ సైట్ పేరులోనే ఉంటే, అదీ బయటి సర్వర్ చిట్టాలోకి ఎక్కుతుంది.

రెండోది, బ్రౌజర్ నియమం సైట్ ఏమీ చెప్పనప్పుడు మాత్రమే వర్తిస్తుంది. సైట్ తన నియమాన్ని తానే ప్రకటించుకోవచ్చు. అది ఇంకా కట్టుదిట్టంగా ఉండవచ్చు, మరీ వదులుగానూ ఉండవచ్చు. `unsafe-url` అని ప్రకటిస్తే పూర్తి చిరునామా అందరికీ వెళుతుంది. దానికన్నా ఎక్కువగా గమనించవలసింది `no-referrer-when-downgrade` అనే పాత నియమం. 2020కి ముందు బ్రౌజర్లు మామూలుగా పాటించినది ఇదే. దాన్ని ఆ రోజుల్లో సర్వర్ అమరికల్లో రాసి వదిలేసిన సైట్ ఉంటే, ఆ ఒక్క వరుస ఈనాటి బ్రౌజర్ ఇచ్చే రక్షణను పక్కకు నెట్టి, పూర్తి చిరునామాను మళ్లీ బయటకు పంపిస్తుంది.

మీరే పరీక్షించి చూడండి

దీన్ని తెలుసుకోవడానికి ప్రత్యేక సాధనమేదీ అక్కర్లేదు. కంప్యూటర్‌లో క్రోమ్ గాని ఫైర్‌ఫాక్స్ గాని తెరిచి, ఏదైనా పేజీలోని లింకును నొక్కి మరో సైట్‌కు వెళ్లండి. కొత్త పేజీ తెరుచుకున్నాక F12 మీట నొక్కితే డెవలపర్ల కోసం ఉద్దేశించిన పలక వస్తుంది. అందులో `Console` అన్న చోట ఈ మాట టైపు చేసి ఎంటర్ నొక్కండి:

```
document.referrer
```

మీరు ఎక్కడి నుంచి వచ్చారని ఆ పేజీకి తెలుసో అదే అక్కడ కనిపిస్తుంది. సైట్ పేరు, చివర ఒక గీత మాత్రమే ఉంటే కొత్త నియమం పనిచేసినట్టు. ఉత్త కొటేషన్ గుర్తులే వస్తే ఏమీ వెళ్లలేదని అర్థం. ప్రశ్నార్థకం, దాని తర్వాత వివరాలతో పొడవైన చిరునామా కనిపిస్తే, మీరు వదిలి వచ్చిన సైట్ వదులుగా ఉన్న నియమాన్ని ప్రకటించిందని గ్రహించవచ్చు. పాత సైట్‌లో పెద్ద చిరునామా ఉన్న పేజీ నుంచి బయలుదేరితేనే ఈ తేడా తెలుస్తుంది. ముఖపేజీ నుంచి బయలుదేరితే కొత్త నియమమూ, వదులైన నియమాలూ ఒకేలా కనిపిస్తాయి.

వాడుకరి చేయగలిగినవి

అన్నింటికన్నా సులువైనది, లింకును నొక్కకుండా దాని చిరునామాను కాపీ చేసుకుని, కొత్త ట్యాబ్‌లోని చిరునామా పట్టీలో అతికించి వెళ్లడం. అప్పుడు మనం ఏ పేజీ నుంచీ వెళ్లినట్టు కాదు కాబట్టి రెఫరర్ ఖాళీగా వెళుతుంది. ఇది ఫోన్‌లోనూ పనిచేస్తుంది. రోజూ ప్రతి లింకుకూ ఇలా చేయనక్కర్లేదు గాని, వదిలి వెళుతున్న సైట్ పేరు బయటపడకూడదనుకున్నప్పుడు ఇది నమ్మదగిన దారి.

అతికించాక ఒకసారి చిరునామా వైపు చూడాలి. `utm_source=` అనో `fbclid=` అనో మొదలయ్యే ముక్కలు చివర కనిపిస్తే, మీరు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే వివరాన్ని లింకు ఇచ్చినవారే చిరునామాలోకి ఎక్కించారన్నమాట. రెఫరర్‌ను పూర్తిగా ఆపినా ఈ ముక్కలు ఆ సైట్‌కు చేరతాయి. వాటిని తుడిచేసినా పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది. అయితే ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని గుడ్డిగా మొత్తం చెరిపేయకూడదు. ఏ వ్యాసం కావాలో చెప్పే సంఖ్య కూడా కొన్ని సైట్లలో అక్కడే ఉంటుంది.

రెండో దారి బ్రౌజర్ అమరికను మార్చడం. కంప్యూటర్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో చిరునామా పట్టీలో `about:config` అని టైపు చేసి, హెచ్చరికను దాటి, ఈ పేరును వెతకాలి:

```
network.http.referer.XOriginPolicy
```

దీని విలువ 0 ఉంటే రెఫరర్ అన్ని సైట్లకూ వెళుతుంది. 1 పెడితే ఒకే మూల డొమైన్‌కు చెందిన సైట్ల మధ్య మాత్రమే వెళుతుంది. 2 పెడితే సైట్ పూర్తి పేరు అచ్చంగా ఒకటే అయినప్పుడే వెళుతుంది. చాలామందికి 1 సరిపోతుంది. దీంతో బయటి సైట్లకు సైట్ పేరు కూడా అందదు.

దీనికి కొంత మూల్యం ఉంది. తమ బొమ్మలను వేరే సైట్లు వాడుకోకుండా కొన్ని సర్వర్లు రెఫరర్‌ను తనిఖీ చేస్తాయి. కొన్ని చెల్లింపు పేజీలు, లాగిన్ పేజీలు కూడా సందర్శకుడు సరైన చోటు నుంచే వచ్చాడా అని చూస్తాయి. అమరిక మార్చాక బొమ్మలు రాకపోయినా, 403 అనే సంఖ్యతో నిరాకరణ వచ్చినా, చెల్లింపు మధ్యలో మళ్లీ మొదటికి వచ్చినా ముందుగా ఈ అమరికనే అనుమానించాలి. విలువను తిరిగి 0 చేసి చూస్తే కారణం అదో కాదో తేలిపోతుంది.

ప్రైవేట్ విండో, వీపీఎన్ ఈ విషయంలో ఎంత సాయం చేస్తాయని చాలామంది అడుగుతారు. వీపీఎన్ మన ఐపీ చిరునామాను మారుస్తుంది గాని, బ్రౌజర్ రాసే చీటీని ముట్టుకోదు. ప్రైవేట్ విండో ముఖ్యమైన పని మన కంప్యూటర్‌లో చరిత్ర మిగలకుండా చూడడం. ఆ విండోలోనే ఒక లింకును నొక్కితే రెఫరర్ వెళ్లవచ్చు. ఫైర్‌ఫాక్స్ మాత్రం 2021లో వచ్చిన 93వ సంచిక నుంచి, ప్రైవేట్ విండోల్లోను, కఠిన రక్షణ అమరికలోను, బయటి సైట్లకు వెళ్లేటప్పుడు వదులైన సైట్ నియమాలను పట్టించుకోవడం మానేసింది. అయినా సైట్ పేరు అందుతూనే ఉంటుంది.

సైట్ నడిపేవారు చేయవలసినవి

వాడుకరి ఎంత జాగ్రత్తపడినా, అసలు తాళం సైట్ చేతిలోనే ఉంది. సున్నితమైన విషయాలు చూసే సైట్ తన ప్రతి పేజీతో పాటు ఈ ఒక్క వరుసను పంపితే చాలు:

```
Referrer-Policy: same-origin
```

దీంతో సైట్ లోపల రెఫరర్ యథాప్రకారం పనిచేస్తుంది, బయటకు మాత్రం ఏమీ వెళ్లదు. `no-referrer` అని పెడితే లోపల కూడా ఆగిపోతుంది. అది ఇంకా గట్టిది అనిపించినా, నకిలీ అభ్యర్థనలను పట్టుకునేందుకు రెఫరర్‌ను చూసే కొన్ని వెబ్ ఫ్రేమ్‌వర్కులలో ఫారాలు పనిచేయకుండా పోవచ్చు. అందుకే ముందు `same-origin` తో మొదలుపెట్టడం మేలు. సర్వర్ అమరికలు చేతిలో లేనివారు, ఒక్కో లింకుకు విడిగా ఈ గుర్తు పెట్టవచ్చు:

```
<a href="https://news.example/" rel="noreferrer">వార్త</a>
```

అయితే 2015 నాటి ఉదంతం నేర్పే పాఠం ఇంతకన్నా లోతైనది. రెఫరర్ నియమం బ్రౌజర్ రాసే చీటీని మాత్రమే అదుపు చేస్తుంది. పేజీలోకి సైట్ స్వయంగా తెచ్చిపెట్టుకున్న బయటి స్క్రిప్టుకు ఆ చీటీ అవసరమే లేదు. అది పేజీ లోపలే ఉంటుంది కాబట్టి, చిరునామాను నేరుగా చదివి తన సంస్థకు పంపగలదు. ఏ రెఫరర్ నియమమూ దాన్ని ఆపలేదు. అదే చిరునామా వాడుకరి బ్రౌజర్ చరిత్రలోను, సైట్ సొంత సర్వర్ చిట్టాలోను కూడా మిగిలిపోతుంది.

కాబట్టి రహస్యాన్ని చిరునామాలో పెట్టకపోవడమే అసలు మందు. ఫారం వివరాలను సందేశం లోపలి భాగంలో పంపే `POST` పద్ధతిలో తీసుకుని, సర్వర్‌లోనే దాచుకుని, ఫలితాల పేజీకి ఏ వివరమూ లేని చిన్న చిరునామా ఇవ్వవచ్చు. అప్పుడు మన ఉదాహరణలోని పేజీ చిరునామా ఇలా మారుతుంది:

```
https://bima.example/plans
```

ఇది ఎవరి చేతికి చిక్కినా అందులో చదవడానికేమీ ఉండదు. పాస్‌వర్డ్ మార్చుకునేందుకు ఈమెయిల్‌లో వచ్చే లింకులదీ ఇదే కథ. ఆ చిరునామాలోని పొడవైన అక్షరాల వరుసే తాళంచెవి. అది ఉన్న పేజీలో బయటి బొమ్మలు, స్క్రిప్టులు పెట్టకూడదు. లింకు తెరవగానే ఆ వరుసను సర్వర్ తీసుకుని, అది లేని పేజీకి వాడుకరిని మళ్లించాలి. ఒక్కసారి వాడగానే ఆ తాళంచెవి చెల్లకుండా చేయాలి.

మీరు తరచూ వాడే ఆరోగ్య, బీమా, బ్యాంకు సైట్లలో ఏదైనా ఫారం నింపాక, ఒక్క క్షణం ఆగి చిరునామా పట్టీని చూడండి. మీరిచ్చిన జవాబులు అక్కడ కనిపిస్తే, ఆ పేజీలోని లింకులను నేరుగా నొక్కకుండా కాపీ చేసి తెరవండి. ఆ సంగతిని సైట్ నిర్వాహకులకు రాసి తెలియజేయండి. 2015లో ఆ సైట్ దిద్దుకోవడానికి దారితీసింది కూడా చిరునామా పట్టీలో ఏముందో కొందరు శ్రద్ధగా చదవడమే.